కార్డులో ‘బి’, పేపర్లో 80కి 27: ఏది నమ్మాలి?

ప్రశ్న: మా బాబు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఎస్‌ఏ-1, అంటే అర్ధ సంవత్సర పరీక్షల ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. లెక్కల్లో అంతకుముందు జరిగిన చిన్న మదింపులు ఎఫ్‌ఏ-1లో 50కి 37, ఎఫ్‌ఏ-2లో 36, రెండింటికీ ‘ఏ’ గ్రేడు. ఎస్‌ఏ-1లో మాత్రం 80కి 27, ‘సి’. మొత్తం కలిపి 42, ‘బి’. లెక్కల సార్ ‘కేర్‌లెస్, ప్రాక్టీస్ కావాలి’ అని రాశారు. క్లాస్ టీచర్ ‘మంచి పిల్లవాడు, క్లాసులో మౌనంగా ఉంటాడు, ఇంకా బాగా చదవగలడు’ అన్నారు. తెలుగులో ‘ఏ’, ఇంగ్లిష్‌లో ‘బి’, సైన్సులో ‘బి ప్లస్’, సోషల్‌లో ‘బి’. ఉన్నట్టుండి ఎందుకు పడిపోయాడో తెలియడం లేదు. ఇంటి పనిలో, ప్రాజెక్టుల్లో మా పెద్దమ్మాయి సాయం చేస్తుంది. వాళ్ల నాన్న హాస్టల్లో వేద్దామంటున్నారు, లేకపోతే ట్యూషన్. కార్డు, లెక్కల పేపరు, స్లిప్ టెస్ట్ నోట్‌బుక్ ఫోటోలు పంపుతున్నాను. ఏం చేయాలో చెప్పండి.
- ఒక తల్లి, సిద్దిపేట జిల్లా

జవాబు:

అమ్మా, పేపరు, స్లిప్ టెస్ట్ నోట్‌బుక్ కూడా పంపి మంచి పని చేశారు. కార్డు ఒక్కటే చూసి ఉంటే నేనూ ‘బాగా చదివేవాడు ఎందుకు పడిపోయాడు’ అనే అనుకునేవాణ్ని. మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే బాబు ఉన్నట్టుండి పడిపోలేదని తెలుస్తోంది. ఆ ఇబ్బంది బడి తెరిచిన కొత్తలోనే ఉంది. కార్డులో అది కనిపించలేదంతే.

ఎలాగో చెబుతాను. ఎఫ్‌ఏకి ఉన్న 50 మార్కులు ఒకే పరీక్షవి కావు. క్లాసులో పాల్గొన్నందుకు 10, రాత పనికి అంటే నోట్‌బుక్కులకు, హోంవర్కుకు 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు 20. మొదటి మూడింటిలో పిల్లవాడికి ఎవరో ఒకరు తోడుంటారు. నోట్‌బుక్కులో బోర్డు మీది లెక్క ఉంటుంది, ప్రాజెక్టులో అక్క చేయి ఉంటుంది. పుస్తకం మూసి, ఎవరినీ అడగకుండా, తనంతట తాను రాసేది ఆ 20 మార్కుల స్లిప్ టెస్ట్ ఒక్కటే. మీ బాబుకు ఎఫ్‌ఏ-1 స్లిప్ టెస్టులో 20కి 9 వచ్చాయి. ఎఫ్‌ఏ-2లో 8. మిగతా మూడు అంశాల్లో 30కి 28 చొప్పున రెండుసార్లూ వచ్చాయి. అందుకే మొత్తం 37, 36 అయింది, ‘ఏ’ పడింది.

ఇప్పుడు ఒంటరిగా రాసిన పరీక్షలను మాత్రమే వరసగా పెట్టండి. 20కి 9 అంటే నూటికి 45. 20కి 8 అంటే 40. ఎస్‌ఏ-1లో 80కి 27 అంటే 34 దాకా. నలభై ఐదు, నలభై, ముప్పై నాలుగు. ఇది మెల్లగా దిగుతున్న మెట్ల వరస. సమ్మర్ తర్వాత ఫోన్ అలవాటైందా, స్నేహితులు మారారా అని కారణం వెతకాల్సిన పని లేదు. లెక్కల్లో పాత లోటు ఏదో ఉంది, పాఠాలు ముందుకు పోయే కొద్దీ అది పెద్దదవుతోంది.

గ్రేడు గురించి ఇంకొక్క మాట. మీ కార్డు వెనక పట్టిక ఉంది చూడండి: 91 నుంచి 100 దాకా ‘ఏ ప్లస్’, 71 నుంచి 90 ‘ఏ’, 51 నుంచి 70 ‘బి ప్లస్’, 41 నుంచి 50 ‘బి’, 40, అంతకు లోపు ‘సి’. ఈ గదులన్నీ ఒకే వెడల్పు కావు. ‘ఏ’ గది ఇరవై మార్కుల వెడల్పు, 89 వచ్చినా 72 వచ్చినా కార్డు మీద తేడా తెలియదు. ‘బి’ గది పది మార్కులే. ‘సి’ అన్నిటికన్నా పెద్దది, 8 వచ్చినా 39 వచ్చినా ‘సి’నే. పిల్లవాడు 12 నుంచి 36కి ఎదిగినా ఆ అక్షరం మారదు, ఇంట్లో తిట్లు తప్పవు. అందుకే కష్టపడుతున్న పిల్లల విషయంలో గ్రేడును పక్కన పెట్టి మార్కులే రాసుకోమంటాను. మరో సంగతి, ఈ పట్టిక అన్ని బడులకూ ఒకటి కాదు. పై తరగతుల్లో, సీబీఎస్‌ఈ బడుల్లో ఏ1, ఏ2 అంటూ ఇంకా ఎక్కువ గదులుంటాయి, ప్రైవేటు బడులు కొన్ని సొంత పట్టికలు పెట్టుకుంటాయి. పక్కింటి అబ్బాయి కార్డులోని ‘బి’తో మీవాడి ‘బి’ని పోల్చకండి.

ఇక మొత్తం 42 సంగతి. ఎస్‌ఏ 80లో వచ్చిన 27కి, రెండు ఎఫ్‌ఏల సగటును 20కి కుదించి వచ్చిన 15 కలిపారు. ఆ 15 లేకపోతే బాబు ‘సి’లోనే ఉన్నాడు. అందుకే మీరు చూడాల్సిన అంకె 42 కాదు, 27.

ఆ 27 ఎందుకు వచ్చిందో కార్డు చెప్పదు, పేపరు చెబుతుంది. పోయిన 53 మార్కులు ఎక్కడెక్కడ పోయాయో మీరు పంపిన పేజీల మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ లెక్క కట్టాను. 26 మార్కులు అసలు ముట్టుకోని, లేదా మొదలుపెట్టి కొట్టేసి వదిలేసిన ప్రశ్నలవి. 12 భిన్నాల దగ్గర పోయాయి. 6 మైనస్ గుర్తుల దగ్గర. 5 పద్ధతి సరిగానే మొదలుపెట్టి చివరి దాకా చేయనందుకు. మిగిలిన 4 మాత్రం తొందరలో చేసిన పొరపాట్లు, 7 ఎనిమిదులు 54 అన్నట్టువి.

సార్ రాసిన ‘కేర్‌లెస్’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఆయన్ని తప్పు పట్టడం లేదు, ఒక్కో సెక్షన్‌లో అంతమంది పేపర్లు దిద్ది, ఒక్కో కార్డుకు నాలుగు మాటలు రాయాలి. అయితే రిమార్కుల్లో రెండు రకాలుంటాయి. టీచరు కళ్లతో చూసింది ఒకటి, చూసినదాన్ని బట్టి అనుకున్నది ఒకటి. ‘మౌనంగా ఉంటాడు’ అన్నది చూసి రాసింది, దాన్ని పూర్తిగా నమ్మండి. ‘కేర్‌లెస్’ అన్నది తప్పులను బట్టి అనుకున్నది, దాన్ని పేపరుతో సరిచూడాలి. ‘ఇంకా బాగా చదవగలడు’ అన్న మాటతో మనకు దారి దొరకదు, దాదాపు ప్రతి కార్డు మీదా ఉంటుంది.

నిర్లక్ష్యమో కాదో తేల్చుకోవడానికి సులువైన మార్గం ఉంది. నిర్లక్ష్యంగా చేసిన తప్పు ఒక్కోసారి ఒక్కోచోట వస్తుంది, ఇంట్లో అదే లెక్క మళ్లీ ఇస్తే పిల్లవాడు తనే సరిచేస్తాడు. తెలియక చేసే తప్పు మాత్రం ప్రతిసారీ అదే చోట, అదే తీరులో వస్తుంది. బాబు పేపర్లో 2/3 + 1/4 లెక్కకు 3/7 అని రాశాడు. పైవి పైవి కలిపాడు, కిందివి కిందివి కలిపాడు. మరో రెండు చోట్ల అలాగే చేశాడు, స్లిప్ టెస్టులోనూ అలాగే చేశాడు. అది నిర్లక్ష్యం కాదమ్మా, అతనికి తెలిసిన పద్ధతే అది. ఎంతో జాగ్రత్తగా ఆ తప్పు పద్ధతిని పాటిస్తున్నాడు. అలాంటివాడికి అవే లెక్కలు యాభై ఇచ్చి ప్రాక్టీస్ చేయిస్తే తప్పు ఇంకా గట్టిపడుతుంది. మైనస్ గుర్తులదీ అదే కథ: −7 − (−3) కి −10 రాశాడు, రావాల్సింది −4. రెండు మైనస్‌లు పక్కపక్కన కనబడితే చాలు, కలిపేస్తున్నాడు.

ఇక ఆ 26 మార్కులు. ఇవే అసలు విషయం. ఖాళీగా వదిలేసిన ప్రశ్నలన్నీ మాటల్లో ఉన్న లెక్కలే, ఒక్కటి తప్పలేదు. అంకెలు, గుర్తులతో ఇచ్చిన సమీకరణాన్ని సాధించాడు. అదే సమీకరణం వాక్యంగా ఇస్తే ఒక్కచోట తప్ప పెన్ను పెట్టలేదు. ఇప్పుడు కార్డులో మిగతా గడులు చూడండి. తెలుగులో ‘ఏ’. ఇంగ్లిష్‌లో ‘బి’, ఇంగ్లిష్‌లో రాయాల్సిన సోషల్‌లో ‘బి’, సైన్సులో దానికన్నా కొంచెం పైన. చదవడం వచ్చినవాడే, అర్థం చేసుకోగలిగినవాడే, ప్రశ్న ఇంగ్లిష్‌లోకి మారగానే ఆగిపోతున్నాడని నా అనుమానం. ప్రోగ్రెస్ కార్డును పై నుంచి కిందికి, ఒక్కో సబ్జెక్టుగా చదువుతాం గానీ ఇలా అడ్డంగా కూడా చదవాలి. ఒక సబ్జెక్టులో కనబడే ఇబ్బందికి కారణం ఇంకో సబ్జెక్టు గడిలో ఉండొచ్చు.

అనుమానం అన్నాను, ఎందుకంటే కార్డు అంతవరకే చెప్పగలదు. నిజమో కాదో మీరే ఇంట్లో తేల్చవచ్చు. బాబు లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. సామాన్య సమీకరణాల పాఠంలో బాబు ఇంతవరకు చేయని మాటల లెక్కలు మూడు ఎంచుకోండి. ముందు తెలుగు పేజీ మీద అట్ట పెట్టి, ఇంగ్లిష్‌లో చదివి చేయమనండి. ఆగిపోతే సాయం చేయవద్దు, టైమ్ కూడా పెట్టవద్దు. తర్వాత అట్ట తీసి అదే లెక్క తెలుగులో చదివి చేయమనండి. అప్పుడూ రాకపోతే మీరే పుస్తకం పక్కన పెట్టి, బజారులో సరుకుల లెక్క చెప్పినట్టు నోటితో చెప్పండి.

తెలుగు పేజీ చూడగానే చేసేస్తే సమస్య లెక్కలది కాదు, ఇంగ్లిష్ మాటలది. మీరు నోటితో చెబితేనే వస్తే, అతను తెలుగులో కూడా వాక్యాన్ని చదివి మనసులో పట్టుకోలేకపోతున్నాడు. తెలుగులో ‘ఏ’ వచ్చినవాడికి అలా ఉండకపోవచ్చు, అయినా చూడాలి. నోటితో చెప్పినా తెలియకపోతే సమీకరణమే అర్థం కాలేదని లెక్క, అప్పుడు సార్ మళ్లీ చెప్పాల్సిందే.

మొదటిదే తేలుతుందని అనుకుంటున్నాను, బాబు పేపర్లో దానికి ఒక గుర్తు ఉంది కాబట్టి. ఒక సంఖ్య కన్నా 5 తక్కువైనది 12, ఆ సంఖ్య ఎంత అనే ప్రశ్న అది. ఇంగ్లిష్‌లో ఆ వాక్యం అయిదుతో మొదలవుతుంది. బాబు 5 − x = 12 అని రాసి, కొట్టేసి, వదిలేశాడు. మాటలు వచ్చిన వరసలో అంకెలు పెట్టుకుంటూ పోయాడు, కుదరలేదని తనకే తెలిసింది, ఎవరినీ అడగలేదు. క్లాస్ టీచర్ రాసిన ‘మౌనంగా ఉంటాడు’ అన్నది ఇక్కడ మనకు పనికొచ్చే మాట. అర్థం కానప్పుడు అడిగే పిల్లవాడైతే జూలైలోనే సార్‌కు తెలిసేది.

ఎఫ్‌ఏ-3కి ఆరేడు వారాలుంటాయి. అన్ని సబ్జెక్టులూ ముందేసుకోకండి, లెక్కల మీదే రోజూ అరగంట, మహా అయితే నలభై నిమిషాలు కూర్చోబెట్టండి.

మొదటి రెండు, మూడు వారాలు భిన్నాలే. ఏడో తరగతి పుస్తకంతో కాదు, అయిదు, ఆరు తరగతుల పుస్తకాలు బడిలో అడిగి తెచ్చుకోండి. సూత్రం చెప్పకముందు బాబును ఒక్క ప్రశ్న అడగండి: ‘2/3 అంటే సగం కన్నా ఎక్కువ కదా నాన్నా. దానికి ఇంకొంచెం కలిపితే నీకు 3/7 వచ్చింది, అది సగం కన్నా తక్కువ. కలిపితే తగ్గిందేమిటి?’ ఆ చిక్కు అతని మనసులో పడాలి. తర్వాత ఒకే పొడవున్న కాగితపు పట్టీలు తీసుకోండి. ఒకదాన్ని మూడు భాగాలుగా మడిచి రెండింటికి రంగు వేయమనండి, ఇంకోదాన్ని నాలుగు భాగాలుగా మడిచి ఒకదానికి రంగు వేయమనండి. ముక్కలు ఒకే సైజు కావు కాబట్టి రెండు, ఒకటి కలిపి మూడు అనడానికి లేదని కంటికే కనిపిస్తుంది. రెండు పట్టీలనూ పన్నెండేసి ముక్కలు చేస్తే 8, 3 అవుతాయి, కలిపితే 11/12. హారం ఎందుకు సమానం చేయాలో అక్కడ అర్థమవుతుంది. రాబోయే నిష్పత్తుల పాఠం, అందులోని శాతాలు, లాభనష్టాలు, వడ్డీ లెక్కలు అన్నీ దీని మీదే నిలబడతాయి, ఇది ఇప్పుడు సరిచేయకపోతే అక్కడా చిక్కుకుంటాడు.

దానితో పాటు రోజుకు ఒకే ఒక్క మాటల లెక్క. ఇంగ్లిష్ పేజీ చదవాలి, అర్థమైంది తెలుగులో మీకు చెప్పాలి, తర్వాతే పెన్ను పట్టాలి. జవాబు తప్పయినా ఆ రోజుకు ఫర్వాలేదు, తెలుగులో చెప్పింది సరిగ్గా ఉందా లేదా అన్నదే చూడండి. ఒక చిన్న నోట్‌బుక్కులో లెక్కల పుస్తకంలో మాటిమాటికీ వచ్చే ఇంగ్లిష్ మాటలు రాయించండి: ఈచ్, ఆల్‌టుగెదర్, రిమైనింగ్, డిఫరెన్స్, లెస్ దాన్, ట్వైస్, షేర్డ్ ఈక్వల్లీ లాంటివి. ఒక్కోదాని పక్కన అర్థానికి బదులు ఒక చిన్న లెక్క రాసుకోవాలి. ఇవి మహా అయితే ముప్పై, నలభై ఉంటాయి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఇబ్బంది లేదు, ఎదురు పేజీలో తెలుగు ఉంది కాబట్టి అతను చెప్పింది సరో కాదో మీకు తెలిసిపోతుంది. ఇందులో పెద్దమ్మాయి సాయం తీసుకోండి, కానీ ఆమె చేసి పెట్టకూడదు, తమ్ముడు చెబుతుంటే వినాలి. ప్రాజెక్టులు కూడా ఇకమీదట వాడే చేసుకోనివ్వండి. పదికి ఆరే వచ్చినా అవి తన మార్కులవుతాయి.

మైనస్ గుర్తులు నాలుగో వారంలో మొదలుపెడితే చాలు. సంఖ్యారేఖ గీసి ముందుకూ వెనక్కూ నడిపిస్తే వారంలో పట్టుకుంటాడు.

లెక్కల సార్‌ను ఈలోగా ఒకసారి కలవండి. ‘మావాడు ఎలా చదువుతున్నాడు సార్?’ అని అడిగితే ‘ఫర్వాలేదమ్మా, కొంచెం శ్రద్ధ పెట్టాలి’ అనే జవాబే వస్తుంది. పేపరు తీసుకెళ్లి, గుర్తులు పెట్టిన చోట్లు చూపించండి. ‘సార్, మాటల లెక్కలన్నీ వదిలేశాడు, అదే లెక్క తెలుగులో చదివితే చేస్తున్నాడు. భిన్నాలు మూడుచోట్లా ఇదే తీరులో తప్పు చేశాడు. ఆరో తరగతి పుస్తకంలో ఏ అభ్యాసాలు చేయిస్తే బాగుంటుంది? క్లాసులో మాటల లెక్క వచ్చినప్పుడు వారానికి ఒకసారైనా వీణ్ని లేపి తెలుగులో చెప్పమంటారా?’ ఇలా అడిగితే ఆయనకూ పని సులువవుతుంది. కేర్‌లెస్ అని ఎందుకు రాశారని మాత్రం నిలదీయకండి. ఆయనకు పేపరు చూపిస్తే చాలు, మాట తనే మార్చుకుంటారు. బాబు ఎన్నో బెంచీలో కూర్చుంటాడో, బోర్డు మీది అంకెలు సరిగ్గా ఎక్కించుకుంటున్నాడో అప్పుడే అడగండి. చూపు సంగతి తేలకపోతే బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి కళ్లు చూపించమని చెప్పండి.

ట్యూషన్ వద్దనను. కానీ చాలా ట్యూషన్లలో బడిలో జరిగే పాఠమే ఇంకోసారి చెబుతారు, రేపటి హోంవర్కు చేయించి పంపుతారు. అలాంటి చోట నోట్‌బుక్కు మార్కులు ఇంకా పెరుగుతాయి, స్లిప్ టెస్ట్ అక్కడే ఉంటుంది. అయిదో తరగతి భిన్నాల నుంచి మొదలుపెట్టే మాస్టారు దొరికితే పంపండి. హాస్టల్ ఆలోచన మాత్రం ఇప్పుడు మానుకొమ్మని వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. అర్థం కాకపోయినా అడగని పిల్లవాడిని ఇంకా ఎక్కువ మంది మధ్యలో కూర్చోబెడితే ఇంకా మౌనమైపోతాడు. పైగా లోటు ఏమిటో మనకు తెలిసింది, అది ఇంట్లో పూడ్చుకోగలిగినదే.

ఎఫ్‌ఏ-3 వచ్చాక కార్డులో గ్రేడు చూడకండి. ప్రాజెక్టు తనే చేస్తే మొత్తం మార్కులు తగ్గి, ‘ఏ’ నుంచి ‘బి ప్లస్’కి దిగే అవకాశం కూడా ఉంది, కంగారు పడొద్దు, పిల్లవాణ్ని ఏమీ అనొద్దు. రెండు అంకెలే చూడండి: స్లిప్ టెస్టులో 20కి ఎన్ని, ఖాళీగా వదిలేసిన ప్రశ్నలు ఎన్ని. ముందు తగ్గేది ఖాళీలు. తప్పో ఒప్పో ప్రతి ప్రశ్నకూ ఏదో ఒకటి రాయడం మొదలుపెడితే మీ అరగంట పని చేస్తున్నట్టే. 8 నుంచి 11, 12 దాకా వెళ్తే అది మంచి ఎదుగుదల. ఎస్‌ఏ-2లో 80కి 40 దాటితే చాలనుకోండి, ‘ఏ’ ఆశ పెట్టుకుంటే మీకూ వాడికీ టెన్షన్ తప్ప ఫలితం ఉండదు.

ఒకవేళ ఈ ఆరు వారాలూ రోజూ కూర్చున్నా స్లిప్ టెస్ట్ 8 దగ్గరే ఆగితే, లేక తెలుగు పేజీ కూడా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నట్టు మీకు అనిపిస్తే, ఎఫ్‌ఏ-4 దాకా ఆగకండి. ఈ పేపర్లు, స్లిప్ టెస్ట్ నోట్‌బుక్కు, ఆరు వారాల ఇంటి లెక్కల పుస్తకం తీసుకుని హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లండి. నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది ఏదైనా ఉందేమో పిల్లల నిపుణులతో పరీక్ష చేయించాలని అడగండి. చేసిన ప్రయత్నమంతా తేదీలతో సహా చేతిలో ఉంటే, పరీక్ష చేసేవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో వెంటనే తెలుస్తుంది.